స్ట్రిప్‌లో మిగిలిన బిళ్లలు

"మందులన్నీ వేసుకుంటున్నానే," అంది తెనాలిలోని తల్లి. హైదరాబాద్‌లో ఉన్న కూతురు ఆ మాటే డాలస్‌లోని అన్నకు, మెల్‌బోర్న్‌లోని తమ్ముడికి పంపేయలేదు. షుగర్ బిళ్లల స్ట్రిప్ తెచ్చి లెక్కపెట్టమంది.

15 బిళ్లల స్ట్రిప్ మొదలుపెట్టి 5 రోజులైంది. రోజుకు రెండు చొప్పున 5 మిగలాలి. 9 ఉన్నాయి.

"రాత్రిళ్లు అన్నం సయించట్లేదు. పరగడుపున వేసుకుంటే కడుపులో తిప్పుతోంది."

కూతురు వాట్సాప్‌లో విన్నదీ, లెక్కలో తేలిందీ విడదీసి రాసింది: "అమ్మ మాట: అన్నీ వేసుకుంటోంది. స్ట్రిప్ లెక్క: మెట్‌ఫార్మిన్ 500 మి.గ్రా., 4 తప్పాయి. కారణం: రాత్రి తినట్లేదు, ఎన్నాళ్లుగానో అడగలేదు. నడక, నిద్ర మామూలే. రేపు పొద్దున డాక్టరుగారికి నేనే ఫోన్ చేస్తా. ఈలోగా మోతాదు మార్చమని అమ్మకు ఎవరూ చెప్పొద్దు."