ఏడు సెకన్లలో ఒక్క మాట

యూట్యూబ్‌లో పాట పెట్టుకోగానే, స్కిప్ బటన్ వెతుక్కునే లోపే వచ్చి వెళ్లిపోయే చిన్న ప్రకటనలు ఉంటాయి. వాటిని బంపర్ యాడ్స్ అంటారు. 2016లో మొదలయ్యాయి. చూసేవాడు వీటిని దాటవేయలేడు. అందుకు బదులుగా యూట్యూబ్ పెట్టిన షరతు ఒకటుంది: నిడివి ఆరు సెకన్లు మించకూడదు. ఏడు సెకన్ల వీడియో తీసుకెళ్తే దాన్ని బంపర్‌గా తీసుకోదు. అయినా మన ఊళ్లలో షాపులవాళ్లు అడిగేది ఏడెనిమిది సెకన్ల ముక్కే. అదే వీడియోను వాట్సాప్ స్టేటస్‌లో పెడతారు, లోకల్ కేబుల్‌కు ఇస్తారు, షాపులో టీవీ ఉంటే దాని మీదా తిప్పుతారు. కాబట్టి మొదటి ఆరు సెకన్లలో కథంతా అయిపోవాలి. ఏడో సెకను కోసేసినా ఏమీ పోకూడదు. స్క్రిప్టు రాసేటప్పుడే ఈ లెక్క చూసుకోవాలి.

ఒక చిన్న పట్టణంలో, బస్టాండ్ ఎదురుగా ఉన్న మొబైల్ రిపేర్ షాపు అనుకుందాం. యజమానిని ఏం చెప్పాలండీ అని అడిగితే మొదట ఇలా చెబుతాడు: "అన్ని కంపెనీల ఫోన్లు బాగుచేస్తాం, డిస్‌ప్లే, బ్యాటరీ, చార్జింగ్ పిన్, నీళ్లలో పడినవి, సాఫ్ట్‌వేర్, అన్ని రకాల యాక్సెసరీస్, తక్కువ ధర, పదేళ్ల అనుభవం, ఒకసారి దర్శించండి." మామూలుగా చదివితే ఇది పది సెకన్లు దాటుతుంది. గబగబా చదివి ఏడు సెకన్లలో ఇరికించారే అనుకోండి, విన్నవాడికి 'ఏదో సెల్ షాపు' అన్నదొక్కటే మిగులుతుంది. అదేమో షాపు ముందు బోర్డు ఎలాగూ చెబుతూనే ఉంది.

మరి ఏ ఒక్క మాట ఉంచాలి? యజమాని దేన్ని గొప్పగా చెప్పుకుంటున్నాడో వదిలేసి, కౌంటర్ దగ్గర నిలబడ్డ మనిషి దేనికి భయపడుతున్నాడో చూడాలి. పగిలిన ఫోను ఇవ్వగానే కుర్రాడు దాన్ని పట్టుకుని తెర వెనక్కి వెళ్తాడు. అక్కడి నుంచి ఈయన మనసు మనసులో ఉండదు. లోపలి సామాను మార్చేస్తారేమో, ఫొటోలు చూస్తారేమో, మంచి బ్యాటరీ తీసి పాతది పెడతారేమో అని. ధర మీద బేరం ఆడొచ్చు, ఈ అనుమానాన్ని మాత్రం పైకి అనడానికి కూడా మొహమాటమే. ఆ భయాన్ని తీర్చే షాపుకు చెప్పుకోవడానికి ఒక మాట దొరికినట్టే: రిపేరు మీ కళ్ల ముందే.

ఇక రాద్దాం. తెలుగులో మాటలు పొడుగు. 'తీసుకెళ్లిపోతున్నారేమో' అనేది కూడా ఒక్క మాటే కదా, అందుకే మాటలు లెక్కపెడితే మోసపోతాం. అక్షరాలు లెక్కపెట్టాలి. తొందర లేకుండా, విన్నవాడికి అందేలా చెప్పాలంటే సెకనుకు ఐదు అక్షరాలు హాయిగా పడతాయని పెట్టుకోండి. ఆరు సెకన్లలో మొదట ఒకటిన్నర సెకను బొమ్మకు, చివర ఒక సెకను షాపు పేరుకు వదిలేస్తే గొంతుకు మిగిలేది మూడున్నర. అంటే పదిహేడు అక్షరాలు. ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టుకుని పైకి చదివితే ఈ లెక్క మీకే తెలిసిపోతుంది. మనసులో చదివితే మాత్రం ఎంత పెద్ద వాక్యమైనా ఐదు సెకన్లలోనే అయిపోయినట్టు ఉంటుంది.

మొదటి ప్రయత్నం: "ఫోన్ లోపలికి తీసుకెళ్లం. మీ కళ్ల ముందే రిపేర్ చేస్తాం." పలికే అక్షరాలు పద్దెనిమిది. కొంచెం బిగుతే అయినా పడుతుంది. చిక్కు వేరే చోట ఉంది. ఈ మాట నిజమేనా? డిస్‌ప్లే, బ్యాటరీ కౌంటర్ మీదే మార్చొచ్చు. నీళ్లలో పడిన ఫోను సంగతి అలా కాదు. బోర్డు తీసి కడగాలి, ఆరబెట్టాలి, ఏ ఐసీ పోయిందో మైక్రోస్కోప్ కింద పెట్టి వెతకాలి. అది రేపటికో ఎల్లుండికో తేలే పని. యాడ్ చూసి తడిసిన ఫోను తెచ్చినవాడికి "రెండ్రోజుల తర్వాత రండి" అని చెప్పి లోపలికి తీసుకెళ్తే, మనమే డబ్బు పెట్టి మన మీద అనుమానం పెంచినట్టు అవుతుంది. అందుకని 'రిపేర్' తీసేసి 'డిస్‌ప్లే' పెట్టాలి: "డిస్‌ప్లే మార్చేది మీ కళ్ల ముందే." పదే అక్షరాలు, రెండు సెకన్లు. 'పగిలిన' అనే మాట అక్కర్లేదు, అది బొమ్మలో కనిపిస్తూనే ఉంటుంది.

ఇక్కడే యజమానికి చెయ్యి దురద పెడుతుంది. టైమ్ మిగిలింది కదా, 'అరగంటలో' చేర్చమంటాడు. వద్దు. చాలా ఫోన్లలో డిస్‌ప్లే ఫ్రేముకు గమ్‌తో అతికి ఉంటుంది. వేడి చేసి ఊడదీయాలి, పాత గమ్ గీకాలి, కొత్తది అతికించాక క్లిప్పులు పెట్టి ఆరనివ్వాలి. అరగంట అని తొందరపడితే వారం తిరక్కుండానే అంచు లేస్తుంది. 'ఒరిజినల్' అని చేర్చడం ఇంకా ప్రమాదం. బజారులో దొరికే కాంబోల్లో ఎక్కువ భాగం కంపెనీవి కావు. కాపీ వేస్తూ ఒరిజినల్ అని ప్రకటించడం 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద తప్పుదారి పట్టించే ప్రకటనే అవుతుంది. మిగిలిన సెకనున్నర అలాగే ఖాళీగా ఉండనివ్వాలి. మాట చెవిలో దిగేది ఆ ఖాళీలోనే.

తీసే పద్ధతి ఇది. సున్నా నుంచి ఒకటిన్నర సెకను వరకు: గాజు కౌంటర్ మీద పగిలిన ఫోను. షాపు కుర్రాడు ఒకవైపు లాగుతుంటాడు, కస్టమర్ వేళ్లు రెండోవైపు వదలవు. మాట లేదు, సంగీతం లేదు. ఒకటిన్నర నుంచి ఐదు వరకు: కుర్రాడు నవ్వి ఫోన్‌ను అక్కడే మ్యాట్ మీద పెట్టి పని మొదలుపెడతాడు, కస్టమర్ ముందుకు వంగి చూస్తాడు. గొంతు: "డిస్‌ప్లే మార్చేది మీ కళ్ల ముందే." అవే మాటలు తెర మీద పెద్ద అక్షరాల్లో కూడా, ఎందుకంటే సౌండ్ కట్టేసి చూసేవాళ్లున్నారు. ఐదు నుంచి ఆరు: షాపు పేరు, కింద 'బస్టాండ్ ఎదురుగా'. ఏడో సెకనులో ఆ బోర్డే నిలిచి ఉంటుంది, యూట్యూబ్‌కు ఇచ్చే కాపీలో దాన్ని కోసేస్తారు. ఫోన్ నంబరు పెట్టలేదేం అని అడుగుతారు. ఒక్క సెకనులో పది అంకెలు రాసుకునేవాడు లేడు.

బాగా వచ్చిందా లేదా తెలుసుకోవడానికి ఈ పని గురించి ఏమీ తెలియని మనిషికి ఒక్కసారి చూపించి, "వాడేం చెప్పాడు?" అని అడగాలి. "ముందే కూర్చోబెట్టి మారుస్తాడట" అంటే సరే. "సెల్ రిపేరు షాపంట" అంటే మళ్లీ తీయాలి, డబ్బు కట్టకముందే. సౌండ్ తీసేసి ఇంకొకరికి చూపించండి.

డబ్బు దగ్గరికొస్తే, బంపర్‌కు క్లిక్కుల లెక్క ఉండదు, ఎన్ని వేలసార్లు కనిపించిందో దాన్నిబట్టి కట్టాలి. కాబట్టి ఎవరికి కనిపిస్తోందన్నదే ఖర్చు. గూగుల్ యాడ్స్‌లో షాపు చుట్టూ కొన్ని కిలోమీటర్ల వలయం గీసి అంతవరకే చూపించమనొచ్చు. పక్క జిల్లావాడు పగిలిన డిస్‌ప్లే కోసం మన బస్టాండ్‌కు రాడు. ఒకే మనిషికి వారంలో ఎన్నిసార్లు చూపించాలో కూడా హద్దు పెట్టుకోవచ్చు. దాటవేయలేని ప్రకటన మరీ ఎక్కువసార్లు వస్తే జనం షాపునే తిట్టుకుంటారు. రిపోర్టులో ఎంతమందికి కనిపించిందో ఉంటుంది గానీ ఎంతమంది వచ్చారో ఉండదు. దానికి కౌంటర్ దగ్గర ఒక పుస్తకం చాలు. "ఇక్కడే మారుస్తారా?" అని అడుగుతూ వచ్చిన ప్రతి ఒక్కరికీ కుర్రాడు ఒక గీత గీస్తే, యాడ్ పెట్టకముందు వారానికీ పెట్టిన తర్వాత వారానికీ తేడా అందులోనే కనిపిస్తుంది.