చూడని స్నేహితురాలికి పండగ శుభాకాంక్షలు



ఎప్పుడూ చూడని మనిషికి ఉత్తరం రాయడం అనంతపురానికి కొత్త కాదు. 1969లో ఇక్కడ మొదలైన ఆర్డీటీ ద్వారా మన పల్లెల పిల్లలెందరో స్పెయిన్‌లోని స్పాన్సర్లకు ఉత్తరాలు రాశారు. ఇప్పుడు మన పిల్లలకూ ఈమెయిల్ స్నేహితులు ఉంటున్నారు. పండగొస్తే ఏం రాయాలని మిమ్మల్నే అడుగుతారు.

పోయినేడు ఏడో తరగతి అమ్మాయి ఒకతె స్పెయిన్‌లోని స్నేహితురాలికి రాసింది నాకు చూపించింది. వాట్సాప్‌లో తిరిగే పూలబొమ్మ, దాని కింద 'ఐ లవ్ యూ, ఐ మిస్ యూ, సెండ్ యువర్ ఫొటో'. ఇంగ్లిష్‌లో తప్పుల్లేవు. కానీ వాళ్ల మధ్య నడిచినవి రెండే మెయిళ్లు. అంతలోనే 'మిస్ యూ' అంటే అవతలి పిల్లకు ఏమనాలో తోచదు. ఫార్వర్డ్ బొమ్మకైతే జవాబే ఉండదు, అందులో ఆమె కోసం రాసింది ఏమీ లేదు కదా.

ఇద్దరం కూర్చుని మార్చాం. ముందు తేదీ చూశాం. స్పెయిన్‌లో చాలామంది పిల్లలకు కానుకలు అందేది జనవరి 5 రాత్రి. 6న ముగ్గురు రాజుల పండగ. ఆ తర్వాత వారానికే మన సంక్రాంతి. అందుకని 5న పంపాలనుకున్నాం. కాగితం ఉత్తరమైతే డిసెంబరు మొదట్లోనే పోస్టు చేయాలి. ఆ ఇంట్లో ఆ పండగ చేస్తారో లేదో తెలియకపోతే 'సెలవులు హాయిగా గడవాలి' అంటే చాలు.

చివరికి ఇలా రాసింది: 'మీ ఇంట్లో అందరికీ ముగ్గురు రాజుల పండగ శుభాకాంక్షలు. వచ్చే వారం మాకు సంక్రాంతి. మా అవ్వ నువ్వులద్ది సజ్జ రొట్టెలు చేస్తుంది. ఈసారి వానల్లేక శెనక్కాయ తగ్గింది. మీ ఇంట్లో ఆ రోజు ఏం వండుతారు?'

వానల మాట తీసేద్దామని వాళ్ల నాన్న అన్నారు, సాయం అడిగినట్టుంటుందని. నేను ఉంచమన్నాను. అదే ఉత్తరంలో కానుక సంగతి ఎత్తితే ఆయన భయం నిజమే. ఒక్క వాక్యంగా ఉంటే మాత్రం అది మన ఊరి కబురు, అంతే.

మొదట్లో 'డియర్' చూసి కంగారు పడొద్దు, అది ఉత్తరాలకు మామూలు పిలుపు. చివర్లో 'లవ్' బదులు 'యువర్ ఫ్రెండ్' సరిపోతుంది. స్పెయిన్ వాళ్లు మాత్రం 'ఉన్ అబ్రాసో', అంటే ఒక కౌగిలింత అని, ఒక్కోసారి 'బేసోస్', అంటే ముద్దులు అని కూడా ముగిస్తారు. అక్కడ స్నేహితుల మధ్య అది మామూలే. మన పిల్లలు అదే మాట తిరిగి రాయనక్కర్లేదు. ఇంటి అడ్రస్, ఫోన్ నంబరు, ఫొటో మాత్రం మీరు చూడకుండా పోకూడదు.

ఆ అమ్మాయికి నాలుగు రోజుల్లో జవాబొచ్చింది. ఆ రోజు తినే గుండ్రటి కేకు గురించి రాసి, సజ్జలంటే ఏమిటని అడిగింది. మరుసటి మెయిల్‌కు విషయం దొరికింది.