ఫోను మోగకపోతే *#35# కొట్టి చూడండి

నిజామాబాద్‌లో ఒక రిటైర్డ్ మాస్టారి ఫోనుకు ఉన్నట్టుండి కాల్స్ రావడం ఆగిపోయింది. ఆయన చేస్తే ఎవరికైనా వెళ్తోంది. విదేశంలో ఉన్న కొడుకు వాట్సాప్‌లో రోజూ మాట్లాడుతూనే ఉన్నాడు. అందువల్ల తేడా ఉన్నట్టు ఇంట్లో ఎవరికీ తట్టలేదు. గ్యాస్ బండ తెచ్చిన కుర్రాడు ఫోన్ చేసి, కలవక వెనక్కి వెళ్లిపోయాడు. రక్తపరీక్ష రిపోర్టు వచ్చిందని ల్యాబ్‌వాళ్లు చేసిన కాల్ కూడా అందలేదు. ఫోనులో చూస్తే ఒక్క మిస్డ్ కాల్ లేదు. మనవడు మొబైల్ షాపుకు తీసుకెళ్తే అక్కడ ఫ్యాక్టరీ రీసెట్ కొట్టారు. ఫొటోలన్నీ పోయాయి, కాల్స్ మాత్రం రాలేదు. సిమ్ తీసి మరో ఫోన్‌లో వేస్తే అందులోనూ అదే తంతు.

ఆ చివరి ముక్కలోనే జవాబు ఉంది. ఫోను మారినా జబ్బు మారలేదంటే అది సిమ్ నంబరుతో పాటు వస్తోందన్నమాట. మాస్టారి నంబరు మీద ‘కాల్ బారింగ్’ పడింది. ల్యాండ్‌లైన్ల కాలంలో ఎస్టీడీకి తాళం వేసుకునేవాళ్లం గుర్తుందా, ఇది ఆ కుటుంబంలోదే. ఈ తాళం ఉండేది మన చేతిలోని ఫోనులో కాదు. ప్రతి మొబైల్ కంపెనీ దగ్గర తన చందాదారుల వివరాలుండే పెద్ద రిజిస్టరు ఒకటి ఉంటుంది. ఏ నంబరుకు ఏ సదుపాయం ఉంది, ఆ ఫోను ఇప్పుడు ఏ ప్రాంతంలో ఉంది అన్నవి అందులో రాసి ఉంటాయి. మీకెవరైనా కాల్ చేస్తే నెట్‌వర్క్ ముందు ఆ రిజిస్టరునే అడుగుతుంది. ‘ఈ నంబరుకు ఇన్‌కమింగ్ బంద్’ అని అక్కడ ఉంటే కాల్ అక్కడితో ఆగిపోతుంది. మీ ఊరి టవరు దాకా కబురే రాదు, కాబట్టి ఫోనుకు ఏమీ తెలియదు, మిస్డ్ కాల్ పడదు. ఇంటర్నెట్ దారి వేరు గనుక వాట్సాప్ కాల్స్ మామూలుగానే నడుస్తాయి. అవతలివారికి వినిపించేది కంపెనీని బట్టి మారుతుంది. ఒకచోట సదుపాయం లేదన్న రికార్డు వస్తుంది, మరోచోట బిజీ టోన్ వస్తుంది, ఇంకోచోట ఉత్తినే కట్ అయిపోతుంది.

మొదట అందరూ అనుమానించేది రీచార్జ్‌నే. అది సబబే. కానీ గడువు తీరితే ముందు ఆగేది అవుట్‌గోయింగ్. మీరు చేస్తే వెళ్తూ, ఇతరులు చేస్తే రాకపోతుంటే రీచార్జ్ సంగతి పక్కన పెట్టి, ఫోన్ చేసే చోటే ఈ కోడ్ కొట్టండి:

```
*#35#
```

ఇది దేన్నీ మార్చదు, ఉన్న సంగతి అడుగుతుందంతే. ఇక్కడే చాలామంది పొరబడతారు. తెరమీద Enabled అని కనిపిస్తే అంతా బాగానే ఉందనుకుని ఊరుకుంటారు. మనం అడిగింది తాళం గురించి కదా, Enabled అంటే తాళం పడి ఉన్నట్టు. Disabled అని రావాలి. మాస్టారి ఫోనులో Enabled అనే వచ్చింది. తీయడానికి కొట్టింది ఇది:

```
#35*0000#
```

నాలుగు సున్నాలున్న చోట బారింగ్ పాస్‌వర్డ్ ఉండాలి. చాలా కంపెనీలు మొదట్లో 0000 గానీ 1234 గానీ పెడతాయి. ఇది సిమ్ పిన్ కాదు, ఫోన్ లాక్ కాదు. ఊహించి వరసగా కొట్టడం మంచిది కాదు, ఎందుకంటే మూడుసార్లు తప్పితే నెట్‌వర్క్ ఆ పాస్‌వర్డ్‌నే స్తంభింపజేస్తుంది. ఆ తర్వాత కంపెనీవాళ్లే తీయాలి.

ఇంతకీ ఈ తాళం ఎవరు వేశారు? ఎవరూ కావాలని వేసి ఉండరు. ఈ కోడ్‌లలో ముందు నక్షత్రం ఉంటే పెట్టమని, హ్యాష్ ఉంటే తీయమని, రెండూ ఉంటే చూపించమని అర్థం. అంటే #35*0000# బదులు *35*0000# అని కొడితే తీయబోయి వేసినట్టే. ఒక్క గుర్తు తేడా! యూట్యూబ్‌లో చూసి కోడ్‌లు ప్రయత్నించే పిల్లలు ఇక్కడే బోల్తా పడతారు. చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో కాల్ సెట్టింగ్స్ లోపల Call barring అనే మెనూ కూడా ఉంటుంది. అక్కడ ఒక మీట జరిపి నాలుగు సున్నాలు కొట్టినా అదే పని జరుగుతుంది. ఐఫోన్‌లో ఆ మెనూ లేదు, కోడ్‌లే దిక్కు.

అవుట్‌గోయింగ్‌కు 33, విదేశాలకు చేసే కాల్స్‌కు 331. చూసే పద్ధతి అదే: *#33#, *#331#. అవుట్‌గోయింగ్ మొత్తం మూసినా 112 లాంటి అత్యవసర కాల్స్ మాత్రం వెళ్తాయి. గల్ఫ్‌కు వెళ్లేవాళ్లు గుర్తుపెట్టుకోవాల్సింది 351. రోమింగ్‌లో ఇన్‌కమింగ్‌కు కూడా డబ్బులు పడతాయని కొందరు మన సిమ్‌కు ఆ తాళం వేయించుకుని విమానం ఎక్కుతారు. అక్కడ ఉన్నంతకాలం బ్యాంకువాళ్లు చేసిన కాల్ చేరదు. బారింగ్‌ను ఎస్సెమ్మెస్‌లకు కూడా వర్తింపజేసే వీలు ఈ వ్యవస్థలో ఉంది. అందుకే వేయించుకునేటప్పుడు ‘వాయిస్‌కు మాత్రమే’ అని గట్టిగా చెప్పండి. ఓటీపీ ఆగితే పరాయి దేశంలో పడే అవస్థ అంతా ఇంతా కాదు.

కాల్ వెయిటింగ్ కథ మరోలా ఉంటుంది. అది ఆపి ఉంటే కాల్స్ రాకపోవడమంటూ ఉండదు, మీరు మాట్లాడుతున్నప్పుడు మాత్రమే రావు. రెండో మనిషికి బిజీ అని వినిపిస్తుంది, మీకు టిక్ టిక్ శబ్దం కూడా రాదు. రోజంతా ఫోన్ మీదే బేరాలు నడిపే దుకాణదారు ఎన్ని పోగొట్టుకున్నాడో ఆయనకే తెలియదు. *#43# కొడితే స్థితి తెలుస్తుంది. ఇక్కడ Enabled అని వస్తేనే మంచిది. లేకపోతే *43# కొట్టాలి, దీనికి పాస్‌వర్డ్ అక్కర్లేదు. అయితే 4జీ కాల్స్‌లో కొన్నిచోట్ల ఈ సెట్టింగ్‌ను ఫోనే చూసుకుంటుంది. అలాంటప్పుడు కొత్త ఫోన్ కొన్నాక పాత అలవాటు మారిపోవచ్చు, కాబట్టి ఒకసారి సెట్టింగ్స్‌లోకి వెళ్లి చూడాలి.

రెండు సిమ్‌ల ఫోన్లలో ఇంకో చిక్కు ఉంది. మామూలు ఫోన్లలో ఒక సిమ్ మీద మాట్లాడుతుంటే రెండోది ఆ సేపు నెట్‌వర్క్‌కు దూరమవుతుంది. ఆ నంబరుకు చేసినవారికి స్విచాఫ్ అనో, అందుబాటులో లేదనో వినిపిస్తుంది. దానికి కాల్ వెయిటింగ్ మందు కాదు.

ఈ కోడ్‌లు అన్ని కంపెనీల్లోనూ పలకవు. Connection problem or invalid MMI code అని వస్తే ఫోను పాడైందని కాదు, ఆ నెట్‌వర్క్ ఆ కోడ్‌ను తీసుకోలేదని. అప్పుడు కస్టమర్ కేర్‌కు చేసి ‘కాల్స్ రావట్లేదు’ అని మాత్రం చెప్పి వదిలేయకండి. ఆ మాటకు ఫోన్ ఆఫ్ చేసి ఆన్ చేయమంటారు, ఎక్కువలో ఎక్కువ సిమ్ తీసి పెట్టమంటారు. ‘నా నంబరు మీద ఇన్‌కమింగ్ బారింగ్ ఉందేమో చూసి తీసేయండి’ అని నేరుగా అడగండి. లైన్ పెట్టేసేముందు ఇంట్లో మరో ఫోను నుంచి మీ నంబరుకు చేయించి, మోగిందో లేదో చూసుకోండి.