గేమ్ సబ్‌స్క్రిప్షన్ ఆపేస్తే… ఆడినదంతా పోతుందా?

నోటిఫికేషన్ పడగానే నల్గొండ, మహబూబ్‌నగర్ హాస్టళ్లలో చాలామంది ముందు ఆపేసే ఖర్చు గేమ్ సబ్‌స్క్రిప్షన్. పరీక్ష అయ్యాక చూసుకుందాం అనుకుంటారు. మరి మూడు నెలలకు మళ్లీ డబ్బు కడితే, ఆగిన చోటు నుంచే ఆడొచ్చా? ల్యాప్‌టాప్‌లో పీసీ గేమ్ పాస్ వాడేవాళ్ల సంగతే చూద్దాం.

గడువు తీరినా డౌన్‌లోడ్ చేసిన గేమ్ దానంతటదే డిలీట్ కాదు. డిస్కులోనే ఉంటుంది, కానీ తాళం పడుతుంది. తెరవబోతే సబ్‌స్క్రిప్షన్ తీసుకోమనో, గేమ్ కొనుక్కోమనో అడుగుతుంది. అదే మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో మళ్లీ డబ్బు కడితే తాళం తెరుచుకుంటుంది. మధ్యలో వచ్చిన అప్‌డేట్లు మాత్రం దించుకోవాలి.

చిక్కంతా స్టోరేజీ కోసం గేమ్‌ను తీసేసినప్పుడే. 100 జీబీ గేమ్ అనుకోండి. రోజుకు 1.5 జీబీ ఇచ్చే మొబైల్ ప్లాన్‌తో మళ్లీ దించాలంటే 67 రోజులు పడుతుంది! 30 ఎంబీపీఎస్ ఫైబర్ ఉంటే ఏడున్నర గంటల్లో అయిపోతుంది. అందుకే ఫైబర్ లేనివాళ్లు స్థలం ఉన్నంతవరకు గేమ్‌ను కదిలించకపోవడమే మేలు.

సేవ్‌ల లెక్క వేరు. ఎంతవరకు ఆడారన్న రికార్డే సేవ్. చాలా గేముల్లో ఇది క్లౌడ్‌లోకి చేరి మీ అకౌంట్ పేరుమీద ఉంటుంది. గేమ్ తీసేసినా, సబ్‌స్క్రిప్షన్ ఆగినా అక్కడే ఉంటుంది. అయితే నెట్ లేకుండా ఆడి, అది క్లౌడ్‌కు చేరకముందే ల్యాప్‌టాప్ ఫార్మాట్ కొట్టిస్తే ఆ ఆట పోయినట్టే. కాబట్టి గేమ్ తీసేసే ముందు నెట్ పెట్టి ఒకసారి తెరిచి, మూసి, రెండు నిమిషాలు ఆగండి. క్లౌడ్ సేవ్ సౌకర్యం అన్ని గేములకూ ఉండదు. స్టోర్‌లో ఆ గేమ్ పేజీ చూస్తే తెలుస్తుంది.

ప్లేస్టేషన్ ప్లస్‌లో గడువు తీరాక క్లౌడ్ సేవ్‌లను ఆరు నెలలే ఉంచుతారు. కన్సోల్‌లో ఉన్న సేవ్‌లకు ఆ భయం లేదు.

ఇంకో మెలిక ఉంది. మీరు తిరిగొచ్చేసరికి ఆ గేమే జాబితాలో లేకపోవచ్చు. ఫోర్జా హొరైజన్ 4ను 2024 డిసెంబర్ 15న గేమ్ పాస్ నుంచే కాదు, అమ్మకాల నుంచీ తీసేశారు. అంతకుముందు కొనుక్కున్నవాళ్లు ఇప్పటికీ ఆడుతున్నారు. సబ్‌స్క్రిప్షన్ మీదే ఆడినవాళ్లకు సేవ్ ఉన్నా దాన్ని తెరిచే గేమ్ లేదు.

మామూలుగా గేమ్ పాస్ నుంచి వెళ్లిపోయిన గేమ్‌ను మైక్రోసాఫ్ట్ స్టోర్‌లో కొంటే పాత సేవ్‌తోనే కొనసాగించొచ్చు. ఆఫర్ ఉందని స్టీమ్‌లో కొంటే మాత్రం చాలా గేముల్లో మొదటి నుంచి ఆడాల్సిందే. రెండింటి సేవ్‌లు వేర్వేరు చోట్ల ఉంటాయి మరి. ఆపే ముందు సగంలో ఉన్న గేమ్, త్వరలో వెళ్లిపోయేవాటి జాబితాలో ఉందేమో యాప్‌లో చూసుకోండి. ఉంటే ఆ వారంలోనే పూర్తిచేయాలా, కొనాలా, వదిలేయాలా అన్నది తేల్చుకోవచ్చు.