మారుమనువు చేసుకుంటే తోటలో వాటా పోతుందా?

"మళ్లీ మనువాడిన పిల్లకి ఈ తోటలో ఏటి వాటా?" ఉద్దానం పల్లెల్లో ఈ మాటతో చాలామంది వయసు ఆడవాళ్లను పుట్టిళ్లకు పంపేస్తుంటారు. కిడ్నీ జబ్బుతో ఇంటి మగవాళ్లు నడివయసులోనే పోతున్న ప్రాంతం ఇది. జీడితోట, కొబ్బరిచెట్లు మిగులుతాయి, పంచాయతీ మొదలవుతుంది. ఆ పంచాయతీలో పెద్దలు చెప్పే తీర్పు చాలాసార్లు తప్పు.

ఒక లెక్క కట్టి చూద్దాం. పలాస దగ్గర ఒకాయన రెండెకరాల జీడితోట సొంతంగా కొన్నాడు. వీలునామా రాయకుండా చనిపోయాడు. తల్లి, భార్య, ఇద్దరు పిల్లలు ఉన్నారు. 1956 నాటి హిందూ వారసత్వ చట్టం ప్రకారం నలుగురికీ సమాన వాటాలు, అంటే తలా యాభై సెంట్లు. అన్నదమ్ములకు ఇందులో ఏమీ రాదు. తోట తాతల నాటిదైతే ముందు ఆయన వాటా ఎంతో తేల్చి, దాన్ని ఇలాగే పంచాలి.

ఈ హక్కు పుట్టేది ఆయన ప్రాణం పోయిన క్షణంలోనే. పాసుపుస్తకం ఇంకా ఆయన పేరుతోనే ఉన్నా సరే, భార్య యాభై సెంట్లకు అప్పుడే పూర్తి యజమాని అయింది. రెండేళ్ల తర్వాత టెక్కలి వైపు ఇంకొకరిని పెళ్లి చేసుకున్నా ఆ భూమి ఆమెదే. ఆమె అమ్మదలిస్తే మాత్రం, ముందుగా కొనుక్కునే హక్కు తోటి వారసులైన అత్తకీ పిల్లలకీ ఉంటుంది.

మరి పెద్దల మాట ఎక్కడిది? అది పాత చట్టంలోది. 1856లో వితంతు వివాహాన్ని చెల్లుబాటు చేసిన చట్టమే, మళ్లీ పెళ్లాడితే మొదటి భర్త ఆస్తి మీద ఆమెకున్న పరిమిత హక్కు పోతుందని కూడా చెప్పింది. రాజమండ్రిలో వీరేశలింగం గారు 1881లో తొలి వితంతు వివాహం జరిపించినప్పుడు ఉన్నది ఆ చట్టమే. 1956కు ముందే మారుమనువు చేసుకున్నవారికి ఆ పాత నియమమే వర్తిస్తుందని మన రాష్ట్రం నుంచి వెళ్లిన ఒక కేసులో సుప్రీంకోర్టు 1999లో చెప్పింది. 1956 తర్వాత భర్త నుంచి వచ్చిన వాటాకు దాన్ని అంటగట్టకూడదు.

మామగారి ఆస్తి సంగతి వేరు. కొడుకు ముందే పోయి, కోడలు మళ్లీ పెళ్లి చేసుకున్నాక మామ చనిపోతే, ఆమెకు వాటా రాదని హిందూ వారసత్వ చట్టం 24వ సెక్షన్ చెప్పేది. 2005 సెప్టెంబరు 9 నుంచి ఆ సెక్షన్ తీసేశారు. అందుకే మామ చనిపోయిన తేదీ ముఖ్యం. ఆ తర్వాతి మరణాల్లో కూడా 'ఆమె ఇంకా వితంతువేనా' అని ఎదుటివాళ్లు వాదించవచ్చు. ఇక్కడ వకీలు సలహా తప్పనిసరి.

ఇక మతం. పై కుటుంబంలో పెద్దకొడుకు క్రైస్తవం తీసుకున్నాడనుకోండి. తండ్రి పోకముందు మారినా, తర్వాత మారినా అతని యాభై సెంట్లు అతనివే. పంపకానికి ఏ చట్టం వాడాలన్నది చనిపోయినవాళ్ల మతాన్ని బట్టి ఉంటుంది, వారసుడి మతాన్ని బట్టి కాదు. మతం మారితే ఎస్సీ హోదా పోతుందన్న మాటనూ దీన్నీ కలిపేసి చాలామంది పొరబడతారు. అది రిజర్వేషన్ల విషయం, తండ్రి భూమికి దానితో సంబంధం లేదు.

చిక్కల్లా తర్వాతి తరంతో. మతం మారాక అతనికి పుట్టిన పిల్లలు, హిందువులైన బంధువుల ఆస్తికి వారసులు కారని హిందూ వారసత్వ చట్టం 26వ సెక్షన్ చెబుతుంది. ఆ కొడుకు తన తల్లికన్నా ముందే పోయి, తర్వాత ఆమె వీలునామా లేకుండా పోతే, అప్పటికి ఆ పిల్లలు హిందువులుగా లేకపోతే ఆమె యాభై సెంట్లలో వాళ్లకు వాటా రాదు. మారకముందు పుట్టిన పిల్లలకు ఈ అడ్డు లేదు. తండ్రి సొంత యాభై సెంట్లలో మాత్రం అందరు పిల్లలకూ వాటా ఉంటుంది, ఎందుకంటే అక్కడ చనిపోయినవాడు క్రైస్తవుడు, వర్తించేది భారత వారసత్వ చట్టం. నాయనమ్మకు మనవల మీద మమకారం ఉంటే వీలునామా రాస్తే సరిపోతుంది.

మందస కొండల్లోని సవరల వంటి గిరిజనులకు హిందూ వారసత్వ చట్టం నేరుగా వర్తించదు, వాళ్ల ఆచారం చూడాలి.

అన్యాయం ఎక్కువగా జరిగేది కాగితాల దగ్గరే. తహసీల్దారు ఆఫీసులో కుటుంబ సభ్యుల ధ్రువపత్రం తీసేటప్పుడు కోడలి పేరు వదిలేస్తారు, లేదా 'పిల్లల కోసమే' అంటూ హక్కు విడుదల పత్రం మీద సంతకం పెట్టిస్తారు. పేరు వదిలేసినంత మాత్రాన హక్కు పోదు, మ్యుటేషన్ యాజమాన్యాన్ని తేల్చదు. సివిల్ కోర్టులో పంపకం దావా వేసుకోవచ్చు. కానీ రిజిస్టరైన విడుదల పత్రాన్ని రద్దు చేయించడం చాలా కష్టం. అమ్మా, ఆ కాగితం చదివించుకోకుండా వేలిముద్ర వేయకండి.