వడ్డీ ఎప్పుడు అసలవుతుంది?

ప్రామిసరీ నోటుకు మూడేళ్ళే ఆయుష్షు. రాసిన తేదీ నుంచి మూడేళ్ళు దాటితే దాని మీద దావా వేసే హక్కు పోతుంది. అందుకే మూడో ఏడు నిండబోతుండగా అప్పిచ్చినాయన ఇంటికొచ్చి, "నోటు తిరగరాద్దామయ్యా" అంటాడు. పాత కాగితం చింపేస్తారు. కొత్త కాగితం మీద రెవెన్యూ స్టాంపు అంటించి, దాని మీద సంతకం పెడతారు. మా ఇంటి అరుగు మీద నా చిన్నతనంలో ఈ తంతు చూశాను. డబ్బు చేతులు మారలేదు కాబట్టి ఏమీ జరగలేదనే అనుకున్నాను. నాన్న ఆ పూట అన్నం సరిగా ఎందుకు తినలేదో నాకు లెక్కలు వచ్చాక తెలిసింది.

ఆ సంతకంతో ఏమవుతుందో చూద్దాం. లక్ష రూపాయలు, రెండు రూపాయల వడ్డీ. అంటే నూటికి నెలకు రెండు, ఏడాదికి ఇరవై నాలుగు. మూడేళ్ళకు వడ్డీ 72 వేలు. ఆ మూడేళ్ళలో ఇదంతా బారువడ్డీయే. మొదటి నెలా రెండు వేలే, ముప్పై ఆరో నెలా రెండు వేలే. కట్టని వడ్డీ పక్కన పడి ఉంటుంది గానీ దాని మీద మళ్ళీ వడ్డీ పడదు. తిరగరాసిన రోజున మాత్రం కొత్త నోటులో "అసలు" అన్నచోట లక్షకు బదులు 1,72,000 పడుతుంది. నిన్నటి వడ్డీ నేటి అసలులో కలిసిపోయింది. ఇక నెలకు వడ్డీ రెండు వేలు కాదు, 3,440.

ఇంకో మూడేళ్ళకు మళ్ళీ తిరగరాస్తే నోటు 2,95,840 అవుతుంది. తొమ్మిదో ఏడు నిండేసరికి బాకీ 5,08,845. నోటు ఒక్కసారీ తిరగరాయకుండా అదే రెండు రూపాయల వడ్డీ తొమ్మిదేళ్ళూ నడిచి ఉంటే బాకీ 3,16,000 దగ్గర ఆగేది. వడ్డీ రేటు మారలేదు, అప్పు తీసుకున్న సొమ్మూ మారలేదు. లక్షా తొంభై వేల పైచిలుకు తేడా రెండు సంతకాల దగ్గర పుట్టింది.

బారువడ్డీకీ చక్రవడ్డీకీ ఉన్న తేడా అంతా ఇదే. వడ్డీ ఏ రోజున అసలవుతుంది అన్న ఒక్క ప్రశ్నకు జవాబు తెలిస్తే చాలు. ఎప్పటికీ కాకపోతే బారువడ్డీ. మూడేళ్ళకో, ఏడాదికో, నెలకో అవుతుంటే చక్రవడ్డీ. ఆ గడువు ఎంత దగ్గరగా ఉంటే సొమ్ము అంత వేగంగా పెరుగుతుంది. పై అప్పునే ఏడాదికోసారి అసలులో కలుపుతూ పోతే తొమ్మిదేళ్ళకు 6,93,099 అయ్యేది. "మాది బారువడ్డీయేనండీ" అని చెప్పే నోటు కూడా తిరగరాసిన ప్రతిసారీ చక్రవడ్డీ అవుతుంది. ఈ సంగతి సంతకం పెట్టేవాళ్ళలో చాలామందికి తెలియదు.

మన పాతవాళ్ళకు ఈ ప్రమాదం బాగా తెలుసు. చక్రవృద్ధి అన్న మాట మనుస్మృతిలోనే ఉంది. వడ్డీ అసలును మించి, మొత్తం రెట్టింపు దాటకూడదన్న నియమమూ అక్కడే ఉంది. కోస్తా, రాయలసీమ జిల్లాలు మద్రాసు రాష్ట్రంలో ఉన్న రోజుల్లో, 1938లో, వ్యవసాయదారుల రుణభారం తగ్గించడానికి అక్కడ ఒక చట్టం వచ్చింది. నోటు ఎన్నిసార్లు తిరగరాసినా సరే, మొట్టమొదట చేతికిచ్చిన సొమ్మునే అసలుగా లెక్కకట్టమని ఆ చట్టం చెప్పింది. రైతు బాకీ పెరుగుతున్నది వడ్డీ రేటు వల్ల మాత్రమే కాదనీ, తిరగరాయడం వల్ల కూడాననీ దాన్ని రాసినవాళ్ళు గుర్తించారు.

నోటు మీద అప్పు ఉన్నవాళ్ళు తెలుసుకోవలసిన దారి ఒకటుంది. మూడేళ్ళు నిండకముందే కొంత సొమ్ము కట్టి, ఆ కట్టినట్టు నోటు వెనక రాసి సంతకం చేస్తే, అంటే చెల్లు వేస్తే, ఆ తేదీ నుంచి అప్పిచ్చినాయనకు మళ్ళీ మూడేళ్ళ గడువు దొరుకుతుంది. ఆయన హక్కు పోదు, మీ వడ్డీ అసలులో కలవదు. తిరగరాద్దామన్నప్పుడు చెల్లు వేస్తాననండి.

ఇప్పుడు అరుగుకు అవతలి వైపు కూర్చుందాం. మీరు దాచుకునేవాళ్ళయితే ఇదే చక్రం మీకోసం తిరగాలి. బ్యాంకులో లక్ష రూపాయలు పదేళ్ళకు ఫిక్స్‌డ్ డిపాజిట్ వేశారు, వడ్డీ ఏడు శాతం అనుకోండి. వడ్డీ ఎప్పటికప్పుడు తీసుకునే పద్ధతిలో ఏడాదికి ఏడు వేల చొప్పున పదేళ్ళలో 70 వేలు చేతికొస్తాయి, లక్ష లక్షగానే ఉంటుంది. వడ్డీ తీయకుండా డిపాజిట్‌లోనే ఉంచే పద్ధతిలో బ్యాంకు మూడు నెలలకోసారి వడ్డీని అసలులో కలుపుతుంది. పదేళ్ళకు దాదాపు 2,00,160 అవుతుంది. దరఖాస్తులో ఒక గడిలో టిక్కు పెట్టినదాన్ని బట్టి ముప్పై వేలు తేడా వచ్చింది. వడ్డీతో ఇల్లు గడవాల్సిన పెద్దవాళ్ళకు మొదటి పద్ధతే సరైనది, అందులో తప్పేమీ లేదు. అవసరం లేనివాళ్ళు కూడా ఆ గడిని చూడకుండా సంతకం పెట్టడమే బాధ కలిగిస్తుంది.

పదేళ్ళలో ముప్పై వేలు పెద్ద వింతగా అనిపించకపోవచ్చు. చక్రవడ్డీ మొదటి పదేళ్ళలో నిజంగానే పెద్ద వింతేమీ చేయదు. అది తన పని చూపించేది చివర్లో. దీనికి పబ్లిక్ ప్రావిడెంట్ ఫండ్ మంచి ఉదాహరణ. 1968లో మొదలైన ఈ పథకంలో వడ్డీ ఏటా మార్చి 31న ఖాతాలో జమ అవుతుంది, అంటే ఆ రోజున అసలవుతుంది. 2020 ఏప్రిల్‌లో దీని రేటు 7.1 శాతానికి దిగింది. ఆ రేటే చివరిదాకా ఉంటుందనుకుని లెక్క వేద్దాం.

పాతికేళ్ళ వయసులో ఒక అమ్మాయి ఉద్యోగంలో చేరి 12,000 వేసింది. అరవయ్యో ఏట ఆ ఒక్క జమ 1,32,377 అవుతుంది. అదే 12,000 ముప్పై ఐదో ఏట వేస్తే అరవైకి 66,668. నలభై ఐదో ఏట వేస్తే 33,576. పదేళ్ళు ఆలస్యమైన ప్రతిసారీ చివరి సొమ్ము సగమవుతోంది. 7.1 శాతం దగ్గర డబ్బు రెట్టింపు కావడానికి సుమారు పదేళ్ళు పడుతుంది కాబట్టి, పదేళ్ళ ఆలస్యమంటే ఒక రెట్టింపును వదులుకోవడం. అది కూడా మొదటి రెట్టింపును కాదు. పన్నెండు వేలు ఇరవై నాలుగు వేలయ్యే చిన్న రెట్టింపు ఎప్పుడు మొదలుపెట్టినా దొరుకుతుంది. పోయేది చివరిది, అరవై ఆరు వేలు లక్షా ముప్పై రెండు వేలయ్యే పెద్దది.

ఇదే జమకు బారువడ్డీ వచ్చి ఉంటే? ఏడాదికి 852 చొప్పున, పాతికేళ్ళకు మొదలుపెడితే అరవైకి 41,820, ముప్పై ఐదుకు మొదలుపెడితే 33,300. ఆలస్యానికి మూల్యం 8,520 మాత్రమే. చక్రవడ్డీలో అదే ఆలస్యానికి మూల్యం 65,709. తొందరగా మొదలుపెట్టమని పెద్దలు చెప్పే మాటకు బారువడ్డీలో బలం చాలా తక్కువ. చక్రవడ్డీలోనే దానికి అంత బలం. తొలి ఏడాది 852 తెచ్చిన ఆ పన్నెండు వేలు, ముప్పై ఐదో ఏడాది ఒక్కదానిలోనే 8,776 తెస్తాయి.

ఒక అక్కా చెల్లెళ్ళ లెక్క చూడండి. అక్క తన పాతికో ఏట మొదలుపెట్టి ఏటా 12,000 చొప్పున పదేళ్ళు వేసింది. తర్వాత పిల్లల చదువులు, ఇంటి ఖర్చులు మీద పడి ఆపేసింది. కానీ ఉన్నదాన్ని ముట్టుకోలేదు. చెల్లెలు తన ముప్పై ఐదో ఏట మొదలుపెట్టి అరవై దాకా పాతికేళ్ళపాటు ఒక్క ఏడూ మానకుండా వేసింది. అక్క కట్టింది లక్షా ఇరవై వేలు, చెల్లెలు కట్టింది మూడు లక్షలు. అరవయ్యో ఏట అక్కకు సుమారు 9,91,000, చెల్లెలికి సుమారు 8,25,000. (ఖాతా నడుస్తూ ఉండాలంటే మొదటి పదిహేనేళ్ళూ ఏటా కనీసం 500 కట్టాలి. ఆ చిన్న మొత్తాన్ని లెక్కలో చేర్చలేదు.)

ఈ కథను చాలామంది ఇక్కడితో ఆపేస్తారు. నేను ఆపను, ఎందుకంటే ఇది అన్ని రేట్ల దగ్గరా నిజం కాదు. వడ్డీ అయిదు శాతమే అనుకుని ఇదే లెక్క వేస్తే అక్కకు 5,37,000, చెల్లెలికి 6,01,000 వస్తాయి. చెల్లెలే ముందుంటుంది. సుమారు 5.8 శాతం దగ్గర ఇద్దరూ సమానమవుతారు. రేటు అంతకంటే తక్కువైతే ఎక్కువ ఏళ్ళు కట్టినవాళ్ళది పైచేయి, ఎక్కువైతే ముందు కట్టినవాళ్ళది. కాబట్టి ముందు మొదలుపెట్టాం కదా అని మధ్యలో ఆపేయడం తెలివైన పని కాదు. అక్క ఆపకుండా అరవై దాకా కట్టి ఉంటే ఆమెకు ఇద్దరి సొమ్మూ కలిపినంత, పద్ధెనిమిది లక్షల పైన ఉండేది.

రూపాయి విలువ సంగతీ ఉంది. ధరలు ఏటా అయిదు శాతం పెరుగుతూ పోతే, ముప్పై ఐదేళ్ళ తర్వాతి 9,91,000తో ఈనాటి 1,80,000 విలువైన సరుకే కొనగలం. అక్క దాచినదానికంటే అది ఎక్కువే, కానీ కాగితం మీద కనిపించినంత ఎక్కువ కాదు. సొమ్ము పెరుగుదల లెక్క చూపించి, ధరల పెరుగుదల మాట దాటవేసేవాళ్ళను నమ్మకండి.

చివరగా పీపీఎఫ్ ఖాతా ఉన్నవాళ్ళకు ఒక మాట. ఈ పథకంలో నెలవడ్డీని 5వ తేదీ ముగిసిన దగ్గర నుంచి నెలాఖరు దాకా ఉన్న అతి తక్కువ నిల్వ మీద కడతారు. ఏప్రిల్ 5లోపు వేసిన 12,000కు ఆ నెల వడ్డీ 71 రూపాయలు లెక్కలోకి వస్తుంది, 6న వేస్తే రాదు. పాతికేళ్ళ వయసులో పోగొట్టుకున్న ఆ 71 రూపాయలు అరవయ్యో ఏటికి 731 అయ్యేవి. డబ్బు చేతిలో ఉంటే 5లోపే వేయండి.