జి ఉండాల్సిన చోట డి ఫ్లాట్

జాజ్ పాటల్లో చాలావాటిని విప్పి చూస్తే మూడు కార్డ్‌ల వరుస ఒకటి మళ్లీ మళ్లీ కనిపిస్తుంది. స్కేల్‌లోని రెండో స్వరం మీద కట్టిన కార్డ్ ముందు వస్తుంది, అయిదో స్వరం మీద కట్టినది దాని వెనక, ఒకటో స్వరం మీద కట్టినది చివర. వాద్యకారులు దీన్ని అంకెలతోనే రెండు-అయిదు-ఒకటి అంటారు. ట్రైటోన్ సబ్‌స్టిట్యూషన్ అనే ప్రసిద్ధమైన మార్పు ఈ వరుసలోని మధ్య కార్డ్‌కు సంబంధించినది. అది అర్థం కావాలంటే ముందు ఈ మూడు కార్డ్‌లూ ఒకదానిలోంచి ఒకటి ఎలా సాగుతాయో చూడాలి.

సి మేజర్ స్కేల్‌ను తీసుకుందాం. హార్మోనియం మీద సి మెట్టును షడ్జం చేసుకుని తెల్ల మెట్లు మాత్రమే వాయిస్తే వచ్చేది ఇదే. కర్ణాటక సంగీతం తెలిసినవారికి ఇవి శంకరాభరణం స్వరాలు. ఒక స్వరాన్ని మూలంగా పట్టుకుని, పక్కదాన్ని వదిలి దాని పైదాన్ని, మళ్లీ ఒకటి వదిలి ఆ పైదాన్ని, అలా నాలుగు స్వరాలు చేర్చి ఒకేసారి మోగిస్తే జాజ్‌లో వాడే సెవెంత్ కార్డ్ తయారవుతుంది. రెండో స్వరమైన డి మీద కట్టితే డి, ఎఫ్, ఎ, సి వస్తాయి. ఇది డి మైనర్ సెవెంత్. అయిదో స్వరం జి మీద జి, బి, డి, ఎఫ్ వస్తాయి. ఇది జి సెవెంత్. సి మీద సి, ఇ, జి, బి వచ్చి సి మేజర్ సెవెంత్ అవుతుంది.

ఈ వరుస ఇంత సహజంగా వినిపించడానికి ఒక కారణం బేస్‌లో ఉంది. మూల స్వరం డి నుంచి జికి, జి నుంచి సికి వెళ్తుంది. ప్రతిసారీ అది అయిదు స్వరాలు కిందికి దిగినట్టే. పాశ్చాత్య సంగీతంలో బేస్ వేసే అడుగుల్లో ఇంతకంటే బలమైనది లేదు. అయితే అసలు నాజూకు పని పైన జరుగుతుంది. ప్రతి కార్డ్‌లోనూ మూడో స్వరాన్నీ ఏడో స్వరాన్నీ మాత్రమే ఉంచి మిగతావి తీసేసి చూడాలి. కార్డ్ మేజరా మైనరా, నిలకడగా ఉందా లేక ఎటో లాగుతోందా అన్నది తేల్చేవి ఈ రెండే. డి మైనర్ సెవెంత్‌లో అవి ఎఫ్, సి. జి సెవెంత్‌కు వెళ్లేటప్పుడు ఎఫ్ కదలదు, సి ఒక్క మెట్టు దిగి బి అవుతుంది. అక్కడి నుంచి సి మేజర్ సెవెంత్‌కు వెళ్లేటప్పుడు బి కదలదు, ఎఫ్ ఒక్క మెట్టు దిగి ఇ అవుతుంది. (ఇక్కడ మెట్టు అంటే తెల్లవీ నల్లవీ కలిపి పక్కపక్కనే ఉన్న రెండింటి మధ్య దూరం.) అంటే ప్రతి మార్పులోనూ ఒక స్వరం నిలబడుతుంది, ఇంకొకటి వీలైనంత తక్కువ దూరం జరుగుతుంది. పియానో విద్యార్థి ఎడమ చేత్తో మూల స్వరాన్నీ కుడి చేత్తో ఈ రెండు స్వరాలనూ వాయిస్తే చాలు, మొత్తం వరుస స్పష్టంగా వినిపిస్తుంది. కార్డ్‌లోని అయిదో స్వరం లేని లోటు చెవికి దాదాపు తెలియదు.

ఇక మధ్యలో ఉన్న జి సెవెంత్ సంగతి. దానిలోని మూడో స్వరం బి, ఏడో స్వరం ఎఫ్. ఈ రెండింటి మధ్య దూరం ఆరు మెట్లు. దీనికే ట్రైటోన్ అని పేరు. షడ్జం నుంచి ప్రతి మధ్యమానికి ఉన్న దూరం కూడా ఇంతే. మిగతా రెండు కార్డ్‌లలో మూడో స్వరానికీ ఏడో స్వరానికీ మధ్య ఏడు మెట్లుంటాయి, ఆ దూరం వినడానికి నిలకడగా ఉంటుంది. ట్రైటోన్ అలా కుదురుగా ఉండదు. బి పైకి సి వైపు, ఎఫ్ కిందికి ఇ వైపు లాగుతున్నట్టు వినిపిస్తాయి. అయిదో కార్డ్ ఒకటో కార్డ్‌ను కోరుకుంటున్నట్టు అనిపించేది ఈ లాగుడు వల్లే.

ట్రైటోన్‌కు ఇంకే దూరానికీ లేని గుణం ఒకటి ఉంది. స్థాయిలో మొత్తం పన్నెండు మెట్లు, ట్రైటోన్ అందులో సరిగ్గా సగం. కాబట్టి దాన్ని తిరగేసినా అది ట్రైటోన్‌గానే ఉంటుంది. బి నుంచి పైకి ఎఫ్ వరకు ఆరు మెట్లు, ఎఫ్ నుంచి పైనున్న బి వరకు కూడా ఆరే. ఇలాంటప్పుడు ఒక ప్రశ్న వస్తుంది. బి మూడో స్వరమూ ఎఫ్ ఏడో స్వరమూ అయితే అది జి సెవెంత్. అదే జంటలో ఎఫ్ మూడో స్వరమై, బి ఏడో స్వరమైతే? ఎఫ్‌ను మూడో స్వరంగా గల మేజర్ తరహా కార్డ్‌కు మూలం డి ఫ్లాట్. డి ఫ్లాట్ సెవెంత్‌లో డి ఫ్లాట్, ఎఫ్, ఎ ఫ్లాట్, సి ఫ్లాట్ ఉంటాయి. స్వరలిపిలో సి ఫ్లాట్ అని రాసినా వేలు పడేది బి మెట్టు మీదే. జి సెవెంత్‌ను సి వైపు లాగిన జంట ఇందులోనూ చెక్కుచెదరకుండా ఉంది. జి, డి ఫ్లాట్‌ల మధ్య దూరం కూడా ఆరు మెట్లే. జి సెవెంత్ స్థానంలో డి ఫ్లాట్ సెవెంత్‌ను పెట్టడమే ట్రైటోన్ సబ్‌స్టిట్యూషన్.

ఇలా మార్చాక పై రెండు స్వరాల ప్రయాణంలో ఏ తేడా లేదు. మారింది బేస్. డి, జి, సి అని దూకే బదులు డి, డి ఫ్లాట్, సి అని ఒక్కో మెట్టే జారుతుంది. జాజ్‌కు చాలా ముందే యూరప్ శాస్త్రీయ సంగీతం జర్మన్ సిక్స్త్ అన్న పేరుతో ఇలాంటి కార్డ్‌నే వాడింది. అందులో ఒక స్వరాన్ని రాసే తీరు వేరు, మోగే మెట్లు ఒకటే. 1940ల తొలి ఏళ్లలో న్యూయార్క్ హార్లెమ్‌లోని మింటన్స్ ప్లేహౌస్ వంటి చోట్ల థెలోనియస్ మంక్, డిజ్జీ గిలెస్పీ తరం బీబాప్ వాద్యకారులు ఇలాంటి మార్పులను రోజువారీ భాషగా చేసుకున్నారు.

తెలుగువారి చెవికి ఇక్కడ ఒక చిన్న ఆశ్చర్యం దొరుకుతుంది. సి షడ్జమైతే డి ఫ్లాట్ సెవెంత్‌లోని నాలుగు స్వరాలు శుద్ధ రిషభం, శుద్ధ మధ్యమం, శుద్ధ ధైవతం, కాకలి నిషాదం. తర్వాత వచ్చే సి మేజర్ సెవెంత్‌లో షడ్జం, అంతర గాంధారం, పంచమం, కాకలి నిషాదం ఉంటాయి. రెండింటినీ కలిపితే సరళీ స్వరాలు నేర్చుకునే మాయామాళవగౌళ స్వరాలన్నీ వచ్చేస్తాయి. ఈ పోలిక స్వరస్థానాల వరకే. రాగ సంచారానికీ కార్డ్‌ల నడకకూ సంబంధం లేదు. కానీ రిషభం ఒక్క మెట్టు దిగి షడ్జంలో వాలే ఆ అనుభూతి మాత్రం పాఠం మొదలుపెట్టిన మొదటి నెలలోనే చెవిలో పడి ఉంటుంది.

నిజమైన పాటలో ఇది ఎలా పనిచేస్తుందో చూడటానికి డ్యూక్ ఎలింగ్టన్, బిల్లీ స్ట్రేహార్న్‌ల ‘శాటిన్ డాల్’ను మించినది దొరకదు. 1953 నాటి ఈ పాటను సాధారణంగా సి మేజర్‌లోనే వాయిస్తారు. మొదటి రెండు బార్‌లలో డి మైనర్ సెవెంత్, జి సెవెంత్ జంటగా తిరుగుతాయి. తర్వాతి రెండు బార్‌లలో అదే జంట ఒక స్వరం పైకెక్కి ఇ మైనర్ సెవెంత్, ఎ సెవెంత్ అవుతుంది. ఈ రెండు సందర్భాల్లోనూ రెండు-అయిదు వినిపిస్తాయి కానీ ఒకటి రాదు. అయిదో బార్‌లో ఎ మైనర్ సెవెంత్, డి సెవెంత్ వస్తాయి. ఇక ఆరో బార్‌లో డి మైనర్ సెవెంత్, జి సెవెంత్ వచ్చి ఏడో బార్‌లో సికి చేరాలని చెవి ఎదురుచూస్తుంది. సికి చేరడమైతే జరుగుతుంది. కానీ ఆరో బార్‌లో ఉండేవి ఎ ఫ్లాట్ మైనర్ సెవెంత్, డి ఫ్లాట్ సెవెంత్.

అయిదో బార్ నుంచి మూడు, ఏడు స్వరాలను మాత్రమే రాసుకుంటే ఆ కట్టుబాటు కనిపిస్తుంది. ఎ మైనర్ సెవెంత్‌లో సి, జి. డి సెవెంత్‌లో సి నిలిచి, జి దిగి ఎఫ్ షార్ప్ అవుతుంది. ఎ ఫ్లాట్ మైనర్ సెవెంత్‌కు వచ్చేసరికి ఎఫ్ షార్ప్ నిలిచి, సి దిగి బి అవుతుంది. డి ఫ్లాట్ సెవెంత్‌లో బి నిలిచి, ఎఫ్ షార్ప్ దిగి ఎఫ్ అవుతుంది. చివరికి ఎఫ్ దిగి ఇ అవుతుంది, బి అలాగే ఉంటుంది. ఒక గొంతు జి నుంచి ఇ వరకు, ఇంకొకటి సి నుంచి బి వరకు, ఎక్కడా దూకకుండా వంతులవారీగా జారాయి.

ఇక్కడ విద్యార్థులు తరచూ ఒక పొరపాటు పడతారు. ఆరో బార్‌లో డి మైనర్ సెవెంత్‌కు ఎ ఫ్లాట్ మైనర్ సెవెంత్ ట్రైటోన్ ప్రత్యామ్నాయమని రాస్తారు. వాటి మూలాల మధ్య ఆరు మెట్లున్న మాట నిజమే. కానీ ఆ రెండు కార్డ్‌లకూ ఉమ్మడి స్వరం ఒక్కటి కూడా లేదు, మైనర్ సెవెంత్‌లో మూడు, ఏడు స్వరాల మధ్య ట్రైటోనూ లేదు. అసలు మార్పు జి సెవెంత్ దగ్గర జరిగింది. కొత్తగా వచ్చిన డి ఫ్లాట్ సెవెంత్ తన ‘రెండు’ను, అంటే ఎ ఫ్లాట్ మైనర్ సెవెంత్‌ను, వెంట తెచ్చుకుంది. ఒక కార్డ్‌ను ఇలా మార్చవచ్చా అన్న సందేహం వస్తే దాని మూడో, ఏడో స్వరాల మధ్య ఆరు మెట్లున్నాయో లేదో లెక్కిస్తే సరిపోతుంది.

అయిదో కార్డ్ అయినంత మాత్రాన ప్రతిచోటా మార్చేయవచ్చని కాదు. ముందు పాట వరుస ఏ స్వరం మీద ఉందో చూడాలి. అక్కడ గాయని జి మీద నిలబడి ఉంటే డి ఫ్లాట్ సెవెంత్ పైన ఆ స్వరం కొత్త రంగుతో మెరుస్తుంది. జాజ్‌లో దాన్ని షార్ప్ ఇలెవెన్ అంటారు. బి, ఎఫ్ అయితే ఏ ఇబ్బందీ లేదు, అవి రెండు కార్డ్‌లలోనూ ఉన్నాయి. ఆమె డిని పొడుగ్గా పట్టుకుంటే మాత్రం చిక్కే. కింద బేస్‌లో డి ఫ్లాట్, పైన డి, ఒక్క మెట్టు తేడాతో ఒరుసుకుంటాయి. అలాంటి చోట జి సెవెంత్‌నే ఉంచడం మంచిది.

బృందంలో అందరూ ముందే మాట్లాడుకోవాలా అంటే, చాలాసార్లు అక్కర్లేదు. పియానో వాద్యకారుడు డి ఫ్లాట్ సెవెంత్ వాయిస్తుండగా బేస్ వాద్యకారుడు జి మీదే ఉండిపోయినా తప్పు వినిపించదు. డి ఫ్లాట్ సెవెంత్ కింద జి చేరితే ఏర్పడేది అయిదో, తొమ్మిదో స్వరాలను ఒక మెట్టు దించిన జి సెవెంత్. జాజ్‌లో అది రోజూ వినిపించే కార్డే. గొడవ వచ్చేది సోలో వాయించేవారితో. పియానోలో డి ఫ్లాట్, ఎ ఫ్లాట్ మోగుతుండగా శాక్సోఫోన్ డి, ఎ స్వరాల మీద తీరిగ్గా ఆగితే ఎవరో తప్పు పేజీ చూస్తున్నట్టు ఉంటుంది. బడ్ పావెల్ తరహాలో ఎడమ చేతికి రెండు మూడు స్వరాలే ఇచ్చే పియానో వాద్యకారులకు ఈ బెడద తక్కువ. బి, ఎఫ్ మాత్రమే మోగుతున్నంతసేపు ఆ కార్డ్ జిదా డి ఫ్లాట్‌దా అన్నది బేస్ తేల్చాల్సిందే. విని గుర్తుపట్టాలన్నా బేస్‌నే పట్టుకోవాలి. ఒకటో కార్డ్ మీదికి బేస్ దూకి వస్తే అది మామూలు అయిదు. పైనుంచి ఒక్క మెట్టు జారి వస్తే దాదాపు ఎప్పుడూ ప్రత్యామ్నాయమే.

పరిమాణం కూడా ముఖ్యం. ప్రతి అయిదునూ మార్చుకుంటూ పోతే బేస్ పాటంతా జారుతూనే ఉంటుంది, జి వస్తుందని ఎదురుచూసే అలవాటే చెవికి పోతుంది. ‘శాటిన్ డాల్’లో మొదటి అయిదు బార్‌లలో మామూలు రెండు-అయిదులే వినిపించి, ఆరో బార్‌లో ఒక్కసారే ఈ మార్పు రావడం అందుకే అంతగా పండింది.